సంఘటన టికెట్ల నుండి గుర్తింపు కాలం, పరిష్కార కాలం: సగటు చేసే పొరపాట్లు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ సేవల్లో అంతరాయం కలిగినపుడు దానిని ఎంత సేపటికి గుర్తించారు, ఎంత సేపటికి సరిచేశారు అనే రెండు ప్రశ్నలకు సంస్థలు సాధారణంగా సగటు రూపంలో సమాధానం చెబుతాయి. మొదటిదాన్ని మీన్ టైమ్ టు డిటెక్ట్ (ఎం.టి.టి.డి.) అనీ, రెండవదాన్ని మీన్ టైమ్ టు రిజాల్వ్ (ఎం.టి.టి.ఆర్.) అనీ వ్యవహరిస్తారు. ఈ సగటులు టికెట్లలో నేరుగా లభించేవి కావు. ఏ క్షణం నుండి ఏ క్షణం వరకు లెక్కించాలి, ఏ టికెట్లను చేర్చాలి, వాటిని ఏ సంఖ్యగా కుదించాలి అనే మూడు నిర్ణయాల ఫలితంగా అవి ఏర్పడతాయి. ఈ నిర్ణయాలు మారితే ఒకే సంఘటన ఎలా భిన్నంగా కనిపిస్తుందో ఒక ఉదాహరణ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సంఘటన టికెట్, గుర్తింపు కాలం, పునరుద్ధరణ, పరిష్కార కాలం, అంకమధ్యమం, మధ్యగతం, శతాంశం.

1. ఉపోద్ఘాతం:

విశ్వవిద్యాలయాలలో పరీక్ష ఫీజు చెల్లింపు, ఫలితాల ప్రకటన, ప్రవేశాల నమోదు వంటి పనులు నేడు ఆన్‌లైన్ పోర్టల్‌ల ద్వారా జరుగుతున్నాయి. పోర్టల్ పనిచేయకపోతే సాంకేతిక విభాగం ఒక టికెట్ తెరుస్తుంది. టికెట్‌కు ఒక సంఖ్య, తెరిచిన సమయం, మూసిన సమయం, బాధ్యుని పేరు, చేసిన పని వివరం ఉంటాయి. మూడు నెలలకు ఒకసారి ఈ టికెట్లన్నింటినీ కూడి “మన సగటు పరిష్కార కాలం ఇంత” అని నివేదిక సమర్పిస్తారు. సిబ్బంది సంఖ్య, పరికరాల కొనుగోలు, నిర్వహణ ఒప్పందం పొడిగింపు వంటి నిర్ణయాలు ఆ ఒక్క సంఖ్య మీద ఆధారపడతాయి.

ఆ సంఖ్య తప్పుదారి పట్టించడానికి ఎవరో అబద్ధం చెప్పనక్కరలేదు. టికెట్‌లో ఉన్న సమయాలను ఉన్నవి ఉన్నట్లుగా కూడి భాగించినా చాలు. ఈ వ్యాసంలోని పోర్టల్ ఉదాహరణ, దానికి సంబంధించిన సంఖ్యలు వివరణ కోసం కల్పించినవి. వాస్తవ సంఘటనలను ప్రస్తావించిన చోట వాటి పేర్లు, తేదీలు ఇవ్వడమైంది.

2. ఒక సంఘటన – నాలుగు గడియారాలు:

ఒక విశ్వవిద్యాలయ పరీక్ష ఫీజు పోర్టల్‌ను తీసుకుందాం. సోమవారం ఫీజు చెల్లింపునకు చివరి రోజు. పోర్టల్ భద్రతా సర్టిఫికెట్ గడువు అంతకు ముందే ముగిసింది. బ్రౌజర్లు హెచ్చరిక చూపి విద్యార్థులను ఆపివేశాయి. సర్టిఫికెట్ గడువును ఈ ఆదేశంతో చూడవచ్చు:

```
openssl x509 -noout -enddate -in portal.pem
notAfter=Mar 15 23:59:59 2025 GMT
```

2025 మార్చి 15 శనివారం. అయితే ఇది గ్రీన్‌విచ్ కాలమానం. మన కాలమానంలో ఇది మార్చి 16 ఆదివారం ఉదయం 5:29:59 అవుతుంది. టికెట్ వ్యవస్థ భారత కాలమానంలోనూ, సర్వర్ నమోదులు గ్రీన్‌విచ్ కాలమానంలోనూ ఉన్నపుడు ఈ అయిదున్నర గంటల తేడా నేరుగా లెక్కలోకి చొరబడుతుంది. గుర్తింపు కాలం ఋణసంఖ్యగా వచ్చిందంటే, అంటే సమస్య పుట్టక ముందే దాన్ని కనుగొన్నట్లు లెక్క తేలిందంటే, మొదట అనుమానించవలసింది దీనినే.

ఇక సంఘటన క్రమాన్ని చూద్దాం. ఆదివారం ఉదయం 5:30కి సేవ ఆగింది. 5:35కి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక మెయిల్ పంపింది. ఆ మెయిల్ సెలవు రోజున ఎవరూ చూడని పెట్టెకు చేరింది. సోమవారం ఉదయం 9:40కి ఒక విద్యార్థి ఫోన్ చేయగా సిబ్బంది టికెట్ తెరిచారు. 10:25కి కొత్త సర్టిఫికెట్ అమర్చడంతో సేవ తిరిగి మొదలైంది. గడువు ముందుగానే తెలిసేలా ఏర్పాటు చేసి, వివరాలు రాసి, శుక్రవారం సాయంత్రం 4 గంటలకు టికెట్ మూశారు.

దీని గుర్తింపు కాలం ఎంత? టికెట్ తెరిచిన సమయాన్నే ఆరంభంగా తీసుకునే సంస్థకు అది సున్నా. యంత్రం హెచ్చరించిన క్షణాన్ని గుర్తింపుగా తీసుకుంటే 5 నిమిషాలు. మనిషి తెలుసుకున్న క్షణాన్ని తీసుకుంటే 28 గంటల 10 నిమిషాలు. పరిష్కార కాలం విషయంలోనూ ఇంతే. సిబ్బందికి తెలిసినప్పటి నుండి సేవ పునరుద్ధరణ వరకు 45 నిమిషాలు. సేవ ఆగినప్పటి నుండి పునరుద్ధరణ వరకు 28 గంటల 55 నిమిషాలు. టికెట్ తెరిచినప్పటి నుండి మూసేవరకు 102 గంటల 20 నిమిషాలు. ఇవన్నీ ఒకే సంఘటనకు చెందినవి, వీటిలో ఏదీ కూడికలో తప్పు కాదు. కానీ “సున్నా నిమిషాల్లో గుర్తించి 45 నిమిషాల్లో పరిష్కరించాం” అన్న వాక్యంలో ఆదివారమంతా పోర్టల్ ముందు కూర్చున్న విద్యార్థికి చోటు లేదు.

ఈ గందరగోళానికి పదం కూడా కొంత కారణం. ఎం.టి.టి.ఆర్.లోని చివరి అక్షరాన్ని కొందరు మరమ్మతుగా, కొందరు పునరుద్ధరణగా, కొందరు స్పందనగా, కొందరు పరిష్కారంగా విడదీస్తారు. తెలుగులో ఈ నాలుగింటికీ వేర్వేరు పదాలు ఉన్నాయి కనుక నివేదిక రాసేవారు సంక్షిప్త రూపానికి బదులు ఆ పదాన్నే వాడితే అస్పష్టత చాలావరకు తొలగుతుంది.

వాస్తవ ప్రపంచంలో ఈ తేడా ఎంత పెద్దదో 2024 జులై 19న జరిగిన క్రౌడ్‌స్ట్రైక్ సంఘటన చూపింది. ఆ సంస్థ విడుదల చేసిన లోపభూయిష్టమైన నవీకరణ వల్ల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయి. ఆ ఫైలు గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం 04:09కి విడుదలై 05:27కి వెనక్కి తీసుకోబడింది. అంటే 78 నిమిషాలు. అయితే దాదాపు 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. వాటిలో చాలా యంత్రాలను మనుషులే ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది. ఆ పనికి రోజులు పట్టింది. కారణాన్ని తొలగించడం ఒకటి, సేవను పునరుద్ధరించడం మరొకటి.

కనుక ప్రతి టికెట్‌లోనూ నాలుగు సమయాలు వేర్వేరు గడులలో ఉండాలి: సమస్య ఆరంభం, గుర్తింపు, సేవ పునరుద్ధరణ, టికెట్ మూసివేత. వీటికి తోడు సమస్యను మొదట ఎవరు చెప్పారన్న గడి ఒకటి అవసరం. యంత్రం చెప్పిందా, సిబ్బంది కనుగొన్నారా, వాడుకరి ఫిర్యాదు చేశారా అన్నది గుర్తింపు కాలానికి అర్థాన్నిస్తుంది. ఈ వ్యాసంలో ఇకపై గుర్తింపు కాలం అంటే ఆరంభం నుండి మనిషికి తెలిసేవరకు. పునరుద్ధరణ కాలం అంటే అక్కడి నుండి సేవ తిరిగి మొదలయ్యేవరకు.

3. ఆరంభం తెలియని సంఘటనలు:

సర్టిఫికెట్ ఉదాహరణలో ఆరంభ క్షణం కచ్చితంగా తెలిసింది. అన్ని సంఘటనలూ అలా ఉండవు. ఎవరో చొరబడి డేటాను నెమ్మదిగా తరలిస్తున్నపుడు ఆరంభాన్ని సర్వర్ నమోదులను వెనక్కి చదివి నిర్ధారించాలి. భారతదేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఈ నమోదులను 180 రోజుల పాటు నిలవ ఉంచాలి. నిర్దేశించిన రకాల సంఘటనలను గమనించిన 6 గంటలలోగా తెలియజేయాలి. తమ గడియారాలను నిర్దేశిత కాల సర్వర్లతో సరిపోల్చుకోవాలి. ఈ మూడూ మన విషయానికి సంబంధించినవే. గమనించిన క్షణానికి చట్టపరమైన విలువ ఉంది కనుక దానిని ఊహించి రాయడానికి వీలులేదు.

నమోదులు 180 రోజులకే పరిమితమైతే, 300 రోజుల క్రితం ప్రవేశించిన చొరబాటుదారుని తొలి అడుగు మనకు దొరకదు. మిగిలిన నమోదులలో కనిపించిన మొదటి జాడనే ఆరంభంగా రాస్తే గుర్తింపు కాలం 180 రోజులని తేలుతుంది. అసలు విలువ అంతకంటే ఎక్కువ. అటువంటి టికెట్‌లో “కనీసం 180 రోజులు” అని రాయడం సరైనది. ఆరంభం బొత్తిగా తెలియనపుడు ఆ గడిని ఖాళీగా ఉంచి, ఎన్ని టికెట్లలో అది ఖాళీగా ఉందో నివేదికలో చెప్పాలి. తెలియని ఆరంభానికి బదులు టికెట్ తెరిచిన సమయాన్ని నింపడం వల్ల సున్నాలు చేరి సగటు అందంగా తగ్గుతుంది. ఒక నివేదికలో గుర్తింపు కాలం సున్నాగా ఉన్న టికెట్లు ఎక్కువగా కనిపిస్తే పరిశీలకుడు ముందుగా ఈ కారణాన్ని వెతకాలి.

4. అంకమధ్యమం, మధ్యగతం:

సమయాలు సరిగా నమోదైన తరువాత వాటిని ఒక సంఖ్యగా కుదించే ప్రశ్న వస్తుంది. ఒక త్రైమాసికంలో పది సంఘటనల పునరుద్ధరణ కాలాలు నిమిషాలలో ఇలా ఉన్నాయనుకుందాం: 12, 15, 18, 20, 25, 30, 35, 45, 60, 1440. చివరిది ఒక పూర్తి రోజు. మొత్తం 1700 కనుక అంకమధ్యమం 170 నిమిషాలు. కానీ పదింటిలో ఏ ఒక్క సంఘటనా 170 నిమిషాల దరిదాపులలో లేదు. తొమ్మిది గంటలోపే ముగిశాయి, ఒకటి రోజంతా సాగింది. చివరి సంఘటనను తీసివేస్తే సగటు దాదాపు 29కి పడిపోతుంది. అంటే 170 అన్నది పది సంఘటనల స్వభావం కాదు, ఒకే సంఘటన నీడ.

విలువలను వరుసలో పెట్టి మధ్యలో నిలిచేదాన్ని చూస్తే మధ్యగతం 27.5 నిమిషాలు. సాధారణ సంఘటనకు ఎంత సమయం పడుతుందన్న ప్రశ్నకు ఇది నిజాయితీ గల సమాధానం. చొరబాట్ల గుర్తింపుపై ఏటా వెలువడే మాండియంట్ సంస్థ ఎం-ట్రెండ్స్ నివేదిక సగటుకు బదులు మధ్యగతాన్నే ఇస్తుంది. చొరబాటుదారుడు గుర్తింపబడక ముందు లోపల గడిపిన కాలపు మధ్యగతం 2011లో 416 రోజులు కాగా 2023లో 10 రోజులు. సంస్థ తానే కనుగొన్న సంఘటనలను, బయటివారు చెప్పగా తెలిసినవాటిని ఆ నివేదిక విడివిడిగా చూపుతుంది. అంతేకాక, డబ్బు కోసం డేటాను బంధించే రాన్సమ్‌వేర్ దాడిలో దాడి చేసినవారే తమ ఉనికిని ప్రకటించుకుంటారు. ఆ రకం దాడులు పెరిగితే, రక్షణ మెరుగుపడకపోయినా గుర్తింపు కాలం తగ్గినట్లు కనిపిస్తుంది. మధ్యగతాన్ని చదివేటపుడు కూడా ఈ హెచ్చరిక అవసరం.

మధ్యగతానికి మరొక లోపం ఉంది. పై జాబితాలో 1440 స్థానంలో 14,400 ఉన్నా మధ్యగతం 27.5గానే ఉంటుంది. పది రోజులు సేవ ఆగిన సంగతిని అది పూర్తిగా మింగివేస్తుంది. అందుచేత మధ్యగతం పక్కన పై అంచును చూపే ఒక విలువ కావాలి. సాధారణంగా 90వ శతాంశాన్ని, అంటే నూటికి తొంభై సంఘటనలు ఏ విలువలోపు ముగిశాయో దాన్ని ఇస్తారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో `percentile_disc(0.9)` పై జాబితాకు 60 అని చెబుతుంది, `percentile_cont(0.9)` 198 అని చెబుతుంది. మొదటిది జాబితాలో ఉన్న విలువనే ఎంచుకుంటుంది, రెండవది 60కీ 1440కీ మధ్య ఒక విలువను లెక్కగడుతుంది. పది టికెట్లతో 90వ శతాంశం ఇంత ఊగిసలాడుతుంది కనుక, టికెట్లు ఇరవై ముప్పైకి మించనపుడు శతాంశం జోలికి పోకుండా మధ్యగతాన్ని, అతి దీర్ఘమైన సంఘటనలను పేరుపేరునా ఇవ్వడం మేలు.

5. రెండూ దిగజారినా సగటు మెరుగుపడడం:

మూడవ పొరపాటు టికెట్ల కలయికలో ఉంది. మొదటి త్రైమాసికంలో పాస్‌వర్డ్ వంటి చిన్న సమస్యలు 40 వచ్చాయి, వాటి సగటు 20 నిమిషాలు. సర్వర్ ఆగిపోవడం వంటి పెద్ద సమస్యలు 10, వాటి సగటు 300 నిమిషాలు. మొత్తం 3,800 నిమిషాలను 50తో భాగిస్తే 76.

రెండవ త్రైమాసికంలో పోర్టల్‌లో ఒక బొత్తాం నొక్కితే టికెట్ తెరుచుకునే సౌకర్యం వచ్చింది. చిన్న సమస్యలు 190కి పెరిగాయి, వాటి సగటు 30 నిమిషాలైంది. పెద్దవి మళ్లీ 10, వాటి సగటు 360కి చేరింది. మొత్తం 9,300 నిమిషాలను 200తో భాగిస్తే 46.5. చిన్న సమస్యలూ పెద్ద సమస్యలూ రెండూ మునుపటికంటే ఆలస్యంగా పరిష్కారమయ్యాయి, కానీ మొత్తం సగటు 76 నుండి 46.5కి తగ్గింది. గణాంకశాస్త్రంలో దీనిని సింప్సన్ విరోధాభాసం అంటారు. 1951లో ఇ. హెచ్. సింప్సన్ రాసిన పరిశోధన పత్రం వల్ల ఆ పేరు వచ్చింది.

దీనికి విరుగుడు సులభమైనది: తీవ్రతను బట్టి టికెట్లను వేరుచేసి, ఒక్కొక్క వర్గానికి సంఖ్యను, మధ్యగతాన్ని విడిగా చూపాలి; వర్గాలన్నీ కలిపిన సగటును ఇవ్వరాదు. తీవ్రతను టికెట్ తెరిచినపుడే నిర్ణయించి, తరువాత మార్చితే ఆ మార్పు కూడా నమోదు కావాలి. లేనిపక్షంలో దీర్ఘకాలం సాగిన పెద్ద సమస్యను చివరి రోజున చిన్నదిగా మార్చే వెసులుబాటు మిగిలిపోతుంది.

6. ఇంకా మూయని టికెట్లు:

సగటు లెక్కించడానికి ముగింపు సమయం కావాలి. ఇంకా తెరిచి ఉన్న టికెట్‌కు అది లేదు కనుక లెక్కలో నుండి జారిపోతుంది. అలా జారిపోయేవి సాధారణంగా అన్నింటికంటే కఠినమైనవి. ఒక త్రైమాసికంలో ఎనిమిది టికెట్లు వచ్చాయనుకుందాం. ఆరు 1, 1, 2, 2, 3, 3 రోజులలో ముగిశాయి. రెండు ఇంకా తెరిచే ఉన్నాయి, ఒకటి 20 రోజులుగా, మరొకటి 35 రోజులుగా. ముగిసినవాటి సగటు 2 రోజులు. తెరిచి ఉన్నవాటి నేటి వయసును చేర్చితే దాదాపు 8.4 రోజులు. అది కూడా కనిష్ఠ అంచనా మాత్రమే, ఎందుకంటే ఆ రెండూ ఇంకా పెరుగుతూనే ఉంటాయి.

ఇక్కడ మధ్యగతం ఆదుకుంటుంది. ఎనిమిదింటినీ వరుసలో పెడితే మధ్య విలువలు 2, 3 కనుక మధ్యగతం 2.5 రోజులు. తెరిచి ఉన్న రెండూ ఎప్పుడు ముగిసినా అవి వరుసలో చివరనే ఉంటాయి, కనుక ఈ విలువ మారదు. సగానికి పైగా టికెట్లు ముగిసి, తెరిచి ఉన్నవాటి వయసు మధ్య విలువను దాటి ఉన్నంతవరకు ఈ సౌలభ్యం వర్తిస్తుంది. నిన్ననే తెరిచిన టికెట్లు ఎక్కువగా ఉంటే వర్తించదు. అటువంటపుడు వైద్య పరిశోధనలో రోగుల జీవనకాలాన్ని అంచనా వేయడానికి 1958 నుండి వాడుకలో ఉన్న కప్లాన్–మేయర్ పద్ధతిని ఆశ్రయించవచ్చు. పరిశీలన ముగిసేనాటికి జీవించి ఉన్న రోగి, ఇంకా మూయని టికెట్ – గణితపరంగా రెండూ ఒకే సమస్య.

టికెట్లను మూసిన తేదీని బట్టి కాక, గుర్తించిన తేదీని బట్టి త్రైమాసికాలకు కేటాయించడం కూడా అవసరం. కింది ప్రశ్న ఈ నియమాలను పాటిస్తుంది:

```sql
SELECT severity, count(*) AS n,
  count(*) FILTER (WHERE restored_at IS NULL) AS still_open,
  percentile_cont(0.5) WITHIN GROUP (ORDER BY
    COALESCE(restored_at, now()) - detected_at) AS p50
FROM tickets
WHERE detected_at >= '2025-01-01'
  AND detected_at <  '2025-04-01'
GROUP BY severity;
```

ఇందులోని `COALESCE(restored_at, now())` బదులు `restored_at` మాత్రమే రాస్తే డేటాబేస్ ఏ హెచ్చరికా లేకుండా తెరిచి ఉన్న టికెట్లను మధ్యగతం నుండి వదిలివేస్తుంది. `n` మాత్రం వాటినీ కలుపుకొని చూపుతూనే ఉంటుంది. పొరపాటు బయటపడకపోవడానికి ఇదే కారణం.

7. త్రైమాసికాల పోలిక – పరిమితులు:

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, తక్కువ సంఘటనలతో రెండు త్రైమాసికాలను పోల్చడం ప్రమాదకరమే. నాలుగవ విభాగంలోని 1440 నిమిషాల సంఘటన మార్చి చివరి వారానికి బదులు ఏప్రిల్ మొదటి వారంలో జరిగి ఉంటే, మొదటి త్రైమాసికం సగటు 170కి బదులు 29 అయ్యేది. సిబ్బంది పనితీరులో ఏ తేడా లేకపోయినా నివేదికలో ఒక త్రైమాసికానికి ప్రశంస, మరొకదానికి మందలింపు దక్కేవి. గూగుల్‌లో పనిచేసిన ష్తెపాన్ దవిదోవిచ్ 2021లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని పరీక్షించింది. సంఘటనల కాలవ్యవధులను యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపులోని ప్రతి వ్యవధినీ ఉద్దేశపూర్వకంగా తగ్గించి, ఆ మెరుగుదల సగటులో కనిపిస్తుందా అని చూశారు. వ్యవధుల మధ్య వ్యత్యాసం ఎంత ఎక్కువంటే, నిజంగా మెరుగుపడిన చోట కూడా సగటు దిగజారినట్లు చూపే సందర్భాలు తరచుగా వచ్చాయి.

తమ సంస్థ డేటాపై ఎవరైనా ఈ పరీక్షను చేసుకోవచ్చు. గత ఏడాది టికెట్లను చీటీలలా కలిపి రెండు కుప్పలు చేసి, రెండింటి సగటుల తేడా చూడాలి. దీనిని కొన్ని వందల సార్లు కంప్యూటర్‌తో చేయించాలి. ఏ మార్పూ లేకుండానే వచ్చే తేడా, నివేదికలో గొప్పగా చెప్పుకుంటున్న తేడా అంత ఉంటే, ఆ మెరుగుదలను రుజువైనదిగా భావించరాదు.

8. ముగింపు:

పై పరిశీలన ప్రకారం ఒక త్రైమాసిక నివేదికలో ఒక్కొక్క తీవ్రత వర్గానికి సంఘటనల సంఖ్య, గుర్తింపు కాలపు మధ్యగతం, పునరుద్ధరణ కాలపు మధ్యగతం, అతి దీర్ఘమైన సంఘటనల వివరం, ఇంకా తెరిచి ఉన్న టికెట్ల సంఖ్య, వాటి వయసు, ఆరంభం తెలియని టికెట్ల సంఖ్య ఉండాలి. గుర్తింపు, పునరుద్ధరణ అనే పదాలకు ఆ నివేదికలో ఏ అర్థమో మొదటి పుటలోనే చెప్పాలి. ఇవన్నీ కలిపినా ఒక పుట దాటవు.

ఫీజు పోర్టల్ సంఘటనను ఈ పద్ధతిలో రాస్తే “గుర్తింపు 28 గంటల 10 నిమిషాలు, చెప్పినది విద్యార్థి, పునరుద్ధరణ 45 నిమిషాలు” అని ఉంటుంది. దానిని చదివిన అధికారి మరమ్మతు వేగం పెంచడానికి డబ్బు వెచ్చించడు. ఆదివారం 5:35కి వచ్చిన మెయిల్‌ను ఎవరు చదవాలో నిర్ణయిస్తాడు.